“డేటా క్లీన్ చెయ్యాలి సార్, ఎంతవుతుంది?”: రాజాం ఎరువుల కొట్టు ఫైలు కథ

2024 ఆగస్టు చివర్లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి నా వాట్సాప్‌కి వచ్చిన మెసేజ్ ఇది: “సార్, మా షాపు డేటా క్లీన్ చెయ్యాలి. ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజులు పడుతుంది?” ఫైలు లేదు. అందులో ఏయే కాలమ్స్ ఉన్నాయో చెప్పలేదు. ఏది తప్పు, ఏది ఒప్పు అన్న మాటే లేదు. పంపింది రాజాంలో ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక కొట్టు ఓనరుగారి అబ్బాయి. నాకు తెలిసిన ఒక ఆడిటర్ దగ్గర నా నంబరు తీసుకున్నాడట.

నేను విజయనగరంలో ఉంటాను. పదేళ్ళుగా ఇదే పని. మొదట్లో ఇలాంటి మెసేజ్‌కి వెంటనే రేటు చెప్పేసేవాణ్ణి. ఒకసారి ఒక ఆఫీసువాళ్ళకి మూడు వేలని చెప్పి ఒప్పుకున్నాక, “డేటా” అంటూ నూట పది పేజీల రిజిస్టరుని ఫోన్లో ఫోటోలు తీసి పంపారు. వాళ్ళు అబద్ధమాడలేదు, నేనే అడగలేదు. ఆ మూడు వేలకి ఇరవై రోజులు టైపు కొట్టాను. అప్పటినుంచి ఫైలు చూడకుండా రేటు చెప్పను, ఫైలు అడగడానికి ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను.

ఆ రాత్రి నేను పంపిన జవాబు ఇది:

“బాబూ, క్లీన్ చేశాక ఆ ఫైలుతో ఎవరు ఏం పని చేస్తారు? అది రెండు ముక్కల్లో చెప్పండి. తరవాత ఫైలులో పైనుంచి పది వరసలు, మధ్యలోంచి పది, కిందనుంచి పది కాపీ చేసి ఎక్సెల్‌లోనే పంపండి, స్క్రీన్‌షాట్ వద్దు. ఆధార్ కాలమ్ ఉంటే తీసేసి పంపండి. రేటు అది చూశాకే.”

ముప్ఫై వరసల్ని మూడు చోట్లనుంచి అడగడానికి కారణం ఉంది. ఇలాంటి ఫైళ్ళని ఏళ్ళ తరబడి వేరువేరు మనుషులు నింపుతారు. పైన పది వరసలు నింపినవాడు జాగ్రత్తపరుడైతే కిందంతా అలాగే ఉంటుందనుకుని మోసపోతాం. మనిషి మారినా కంప్యూటర్ మారినా చెత్త రకం మారుతుంది. స్క్రీన్‌షాట్ వద్దనడం ఎందుకంటే, గడిలో కనిపించేది వేరు, గడిలో ఉన్నది వేరు. తేదీల దగ్గర ఈ తేడా ఎంత దూరం వెళ్ళిందో కిందన చెప్తాను.

మర్నాడు పొద్దున్న అబ్బాయి ఫోన్ చేశాడు. “సార్, మా కస్టమర్లందరికీ రబీ విత్తనాల రేట్లు వాట్సాప్‌లో పంపాలి. ఒకడికే నాలుగు సార్లు వెళ్తోంది, తిడుతున్నారు. డూప్లికేట్లు తీసేస్తే చాలు.” బాగుంది, పని తేలిపోయిందనుకున్నాను. అంతలో వెనకనుంచి వాళ్ళ నాన్నగారి గొంతు వినిపించింది: “ఏటి తీసేసేది? బాకీలు పోతాయిరా!” ఫోన్ ఆయన తీసుకున్నారు. “బాబూ, నాకు కావలసింది ఏటంటే, ఎవడు ఎంత ఇవ్వాలో పేరుపేరునా తేలాలి. సంక్రాంతిలోగా వసూలు చేసుకోవాలి.”

ఒకే ఇంట్లో, ఒకే ఫైలుకి, “క్లీన్” అన్న మాటకి రెండు అర్థాలు. కొడుక్కి ఒకే ఫోన్ నంబరు రెండుసార్లుంటే అది చెత్త. తండ్రికి ఒకే నంబరు మీద ఇద్దరు మనుషులుంటే అవి రెండు బాకీలు, ఏదీ పోవడానికి వీల్లేదు. కొడుకు చెప్పినట్టు చేసుంటే ఎక్సెల్‌లో ఫోన్ కాలమ్ ఒక్కదానికే టిక్ పెట్టి Remove Duplicates నొక్కి పది నిమిషాల్లో ఇచ్చేసేవాణ్ణి. అలా నొక్కితే ప్రతి నంబరుకీ మొదటి వరస ఉంచి మిగతావి తీసేస్తుంది. వాటితోపాటు వాటి బాకీలూ పోతాయి.

మధ్యాహ్నానికి ముప్ఫై వరసలు వచ్చాయి. వాటిలో మూడు ఇవి (ఫోన్ నంబర్లు నేను దాచాను):

```
K.Pydiraju      R.A.Valasa        98xxxxxx41    6200
K Paidi Raju    Amadalavalasa     98xxxxxx41    4750
Pydamma         R Amadalavalasa   98xxxxxx41    1800
```

చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మొదటి రెండూ ఒకే మనిషి, స్పెల్లింగ్ మారింది. ఊరు కూడా ఒకటే. ఫోన్ కూడా ఒకటే. కలిపేసి 10,950 అని రాసేయొచ్చు. నేను కలపలేదు, గుమస్తాగారిని లైన్లోకి పిలవమన్నాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్లో ఉన్నారు. పేరు వినగానే నవ్వారు. “వాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలండి. ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఒకడిని పొడుగు పైడిరాజంటాం, రెండోవాడు చెరువుగట్టు పైడిరాజు. చెరువుగట్టువాడికి ఫోన్ లేదు, పొడుగువాడి నంబరే ఇచ్చాడు. పైడమ్మ పొడుగువాడి తల్లి.”

మన వైపు ఫైళ్ళలో ఇది తరచూ చూస్తాను. పైడితల్లి అమ్మవారి పేరు మీద పైడిరాజులు, పైడమ్మలు, సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పన్నలు, అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఇంటిపేరూ ఒకటే, తాత పేరూ ఒకటే. పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ కలిస్తే ఒకే మనిషి అన్న రూలు వేరే చోట పనిచేస్తుందేమో గానీ ఇక్కడ మాత్రం బంధువుల బాకీలు కలిపేస్తుంది. అందుకే తండ్రీకొడుకులిద్దరికీ ఒక మాట చెప్పాను: ఒక ఫైలు పుచ్చుకుని రెండు ఫైళ్ళిస్తాను. ఒకటి నంబర్ల జాబితా, అందులో ప్రతి నంబరూ ఒక్కసారే. రెండోది బాకీల జాబితా, అందులో గుమస్తాగారు ఒప్పుకున్నవి తప్ప ఏ ఇద్దరినీ కలపను. మీరిచ్చిన అసలు ఫైలుని ముట్టుకోను, దాని కాపీ మీదే పనంతా.

అప్పుడు రేటు చెప్పాను, అది కూడా రెండు ముక్కలుగా. ఫైలంతా చూసి రూల్స్ కాగితం రాసివ్వడానికి 1,500. ఆ కాగితం మీద పెద్దాయన సరే అన్నాక అసలు పనికి వేరే రేటు. కాగితం చూసి వద్దనుకుంటే అక్కడితో ఆగిపోవచ్చు, ఆ కాగితం పట్టుకెళ్ళి ఇంకెవరిచేతనైనా చేయించుకోవచ్చు. అబ్బాయికి ఇది కొంచెం వింతగా అనిపించింది. పెద్దాయన మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. కొట్టు నడిపే మనిషికి శాంపిల్ బస్తా చూసి బేరమాడడం కొత్తేమీ కాదు.

ఫైలు మొత్తం వచ్చింది. నాలుగు షీట్లు, 2021-22 నుంచి 2024-25 దాకా ఏడాదికొకటి. అప్పు బిల్లులు మాత్రమే, మొత్తం 3,148 వరసలు. ఇందులో నాకు ఎక్కువ టైమ్ తిన్నవి రెండు: తేదీలు, ఊర్లు.

తేదీల సంగతి మొదట ఎలా పట్టుబడిందంటే, ఆగస్టులో వచ్చిన ఫైలులో అక్టోబరు, నవంబరు, డిసెంబరు 2024 బిల్లులున్నాయి. ఇంకా రాని నెలల్లో ఎరువులెవరు కొన్నారు? వాటిలో ఒకటి 2024 అక్టోబరు 6 అని ఉంది. బిల్లు పుస్తకం తీసి చూడమంటే అది 10-06-2024, అంటే జూన్ 10. కంప్యూటర్ దాన్ని అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరవాత అని చదివింది.

ఇందులో మోసం ఏమిటంటే ఇది అన్ని తేదీలకీ ఒకేలా జరగదు. రోజు 12 లోపుంటే ఎక్సెల్ దాన్ని నెలగా ఒప్పేసుకుని, కిమ్మనకుండా తారుమారు చేసి నిజమైన తేదీగా దాచుకుంటుంది. రోజు 12 దాటితే, 13వ నెల ఎక్కడా లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు, అక్షరాలుగానే వదిలేస్తుంది. చూపుకి రెండూ తేదీల్లాగే ఉంటాయి. ఒకటి గడిలో కుడివైపు, ఒకటి ఎడమవైపు అతుక్కుని ఉంటుంది, అంతే తేడా. స్క్రీన్‌షాట్‌లో ఇది ఎవరి కంటా పడదు. నిజమైన తేదీని ఎక్సెల్ లోపల అంకెగా దాచుకుంటుంది కాబట్టి, పట్టుకోవడానికి పక్క గడిలో ఇది వేస్తే చాలు:

```
=ISNUMBER(D2)
```

TRUE వచ్చినవన్నీ ఒక పక్క, FALSE వచ్చినవన్నీ ఒక పక్క పెట్టి చూశాను. చివరి మూడు షీట్లలో TRUE గుంపులో ఒక్కదానికీ రోజు 12 దాటలేదు, FALSE గుంపులో ఒక్కటీ 13కి తక్కువ లేదు. ఇంత శుభ్రంగా విడిపోయిందంటే మనుషులు చేసిన తప్పు కాదు, కంప్యూటర్ సెట్టింగే. మొదటి షీట్లో మాత్రం అన్నీ TRUE, రోజులు 1 నుంచి 31 దాకా ఉన్నాయి. అడిగితే తేలింది: 2022లో కొట్లో కొత్త కంప్యూటర్ కొన్నారు, దాని తేదీ సెట్టింగ్ అమెరికాదే ఉండిపోయింది. అంతకుముందు గుమస్తాగారి లాప్‌టాప్‌లో కొట్టేవారు. కాబట్టి ఈ సవరణ మూడు షీట్లకే, మొదటిదానికి చేస్తే సరిగ్గా ఉన్నవి పాడవుతాయి.

```
=IF(ISNUMBER(D2),
  DATE(YEAR(D2),DAY(D2),MONTH(D2)),
  DATE(RIGHT(D2,4),MID(D2,4,2),LEFT(D2,2)))
```

దీన్ని ఎప్పుడూ కొత్త కాలమ్‌లోనే వెయ్యాలి. జవాబుల్ని పాత కాలమ్ మీద అతికించేసి, మర్చిపోయి రెండోసారి నడిపితే సరిచేసినవి మళ్ళీ తిరగబడతాయి. ఇది నేను ఇంకో పనిలో ఒకసారి చేసి, సాయంత్రందాకా తల పట్టుకున్నాను.

సరయిందని తెలిసేదెలా? బిల్లు నంబర్లు ఉన్నాయి కదా. ఒక ఏడాదిలో నంబరు పెరుగుతుంటే తేదీ కూడా ముందుకే నడవాలి. సవరణకి ముందు షీట్లో తేదీలు కప్పల్లా ముందుకీ వెనక్కీ గెంతుతున్నాయి. తరవాత మూడు షీట్లలో కలిపి తొమ్మిది వరసలే వరస తప్పి కనిపించాయి. ఆ తొమ్మిదీ గుమస్తాగారికి పంపితే, రద్దయిన బిల్లు మీద మళ్ళీ రాసినవి కొన్ని, పుస్తకం మర్చిపోయి వెనక పేజీలో రాసినవి కొన్ని అన్నారు. వాటిని అలాగే ఉంచాను. అన్నట్టు, ఏప్రిల్‌లో పుస్తకం మారగానే బిల్లు నంబరు మళ్ళీ ఒకటినుంచి మొదలవుతుంది. అందుకని 412 రెండుసార్లు కనిపిస్తే డూప్లికేట్ కాదు, ఏడాదితో కలిపి చూడాలి. ఇది కూడా రూల్స్ కాగితంలో ఒక లైను.

ఇక ఊర్లు. కాలమ్ పేరు Mandal, పక్కన District. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజుదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్ళింది. జి.సిగడాం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. ఈ కొట్టుకి ఈ అన్ని వైపులనుంచీ బేరం ఉంది. కొట్టు కదల్లేదు, రైతులు కదల్లేదు, ఫైలులో మాత్రం ఒకే రైతు మొదటి షీట్లో శ్రీకాకుళం, మూడో షీట్లో విజయనగరం. కొన్ని చోట్ల పాత అలవాటుకొద్దీ 2024లో కూడా శ్రీకాకుళం అనే కొట్టారు.

ఇది చెత్తా కాదా? 2021 బిల్లు మీద శ్రీకాకుళం అని ఉండడం తప్పు కాదు, ఆ రోజుకి అదే నిజం. తండ్రికి ఈ కాలమ్‌తో పనే లేదు. కొడుకుని అడిగితే, ఎరువుల కంపెనీ ఏజెంటు జిల్లాలవారీగా జాబితా అడుగుతున్నాడన్నాడు. అప్పుడు రూలు తేలిక: పాత జిల్లా కాలమ్‌ని అలాగే వదిలేసి, పక్కన “ఇప్పటి జిల్లా” అని కొత్త కాలమ్ పెట్టి, మండలాన్ని బట్టి నింపడం. జిల్లా ఎప్పుడూ చేత్తో కొట్టక్కర్లేదు, మండలం సరిగ్గా ఉంటే అదే వస్తుంది.

మండలం సరిగ్గా ఉంటే కదా. 64 వరసల్లో ఉట్టి Amadalavalasa అని ఉంది. మన ప్రాంతం కానివాళ్ళకి ఇది స్పెల్లింగ్ గొడవలా కనిపిస్తుంది. ఆమదాలవలస వేరు, రేగిడి ఆమదాలవలస వేరు. మొదటిది శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషనున్న ఊరు, ఆ మండలం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. రెండోది విజయనగరం జిల్లాలోకి వచ్చిన మండలం. దగ్గరదగ్గర స్పెల్లింగులన్నిటినీ ఒకటి చేసే పద్ధతి వాడితే రెండు మండలాలూ ఒకటైపోతాయి, జిల్లా కూడా తప్పుతుంది. గుమస్తాగారు మొదట, “అన్నీ రేగిడివేనండి, ఆమదాలవలస టౌనువాళ్ళు ఇంతదూరం మన దగ్గరికెందుకొస్తారు?” అన్నారు. నమ్మదగ్గ మాటే. అయినా 64 పేర్లూ ప్రింటు తీసి ఒకసారి చూడమన్నాను. చూస్తూ చూస్తూ మూడు వరసల దగ్గర ఆగారు. పెద్దాయన చిన్నల్లుడిది ఆమదాలవలస పక్క ఊరు. ఆ మూడు బిల్లులూ ఆ అల్లుడివే.

రూల్స్ కాగితం చివరికి పేజీన్నర వచ్చింది. ప్రతి లైనులోనూ కాలమ్ పేరు, ఎలా ఉంటే తప్పు, తప్పయితే ఏం చెయ్యాలి, తేలకపోతే ఎవరిని అడగాలి అని నాలుగు ముక్కలు. నాలుగోది రాయకపోతే ఆ ముక్క నా ఊహ మీద పడుతుంది, నాకు చెరువుగట్టు ఎవరో తెలీదు. పెద్దాయన కాగితమంతా చదివి ఒక్కచోట అడ్డం చెప్పారు. బాకీ గడి ఖాళీగా ఉంటే సున్నా పెట్టాలని నేను రాశాను. “ఖాళీ అంటే తీరిపోయినట్టు కాదు బాబూ, లెక్క తేలలేదని. తీరిపోతే సున్నా వేస్తాడు మా వాడు.” ఆ ఒక్క మాటతో 57 బాకీలు బతికాయి. నా అలవాటు చొప్పున సున్నా పెట్టేసుంటే ఎవరికీ తెలిసేది కూడా కాదు.

మనుషుల్ని కలపడం దగ్గర నేను చేసిందల్లా అనుమానం ఉన్నవాటిని పక్కపక్కన పెట్టడమే. పేర్లలో చుక్కలు, ఖాళీలు తీసేసి, Pydi, Paidi లాంటివి ఒకటిగా లెక్కేసి, ఫోన్ గానీ ఊరు గానీ కలిసినవాటిని గుంపులు కట్టాను. 214 గుంపులు వచ్చాయి. గుమస్తాగారు కొట్టు కట్టేశాక రెండు సాయంత్రాలు నాతో ఫోన్లో కూర్చున్నారు. 158 గుంపులు ఒకే మనిషి. 37 వేరువేరు మనుషులు. 19 ఆయనకీ గుర్తు రాలేదు. వాటిని కలపకుండా, పసుపు రంగు వేసి ఇచ్చాను. తెలీని ఇద్దరిని విడిగా ఉంచితే పెద్దాయన ఒకడికి రెండుసార్లు ఫోన్ చేస్తారు, అంతే. కలిపితే ఒకడి బాకీ ఇంకొకడి నెత్తిన పడుతుంది. ఏ తప్పు తక్కువ ఖరీదో చూసి అటు మొగ్గాను.

కలిపినప్పుడల్లా ఇంకో షీట్లో ఒక వరస రాశాను: ఏ వరస, పాతది ఏమిటి, కొత్తది ఏమిటి, ఏ రూలు ప్రకారం, ఎవరు చెప్పారు. చివర్లో లెక్క ఒకటే చూశాను. మొదటి ఫైలులో బాకీల మొత్తం, నా ఫైలులో బాకీల మొత్తం పైసాతో సహా సమానంగా ఉండాలి. మనుషులు కలిశారు గానీ డబ్బు పెరగకూడదు, తరగకూడదు. మొదటిసారి చూస్తే 4,300 తక్కువొచ్చింది. వెతికితే ఒక గడిలో అంకె ముందు ఖాళీలా కనిపించే అక్షరమొకటి ఉంది, ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోలేదు. TRIM మామూలు ఖాళీనే తీస్తుంది, ఇలాంటిదాన్ని తియ్యదు. SUBSTITUTE తో CHAR(160) తీస్తేగానీ పోలేదు.

కొడుకు జాబితాలో 1,126 నంబర్లు తేలాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే పడతారు కాబట్టి అయిదు ముక్కలు చేసిచ్చాను. కొట్టు నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుందని కూడా చెప్పాను. అది నేను క్లీన్ చెయ్యగలిగేది కాదు.

ఇంకొకటి కూడా చెయ్యలేకపోయాను. 41 వరసల్లో ఫోన్ గడిలో 9.19844E+11 లాంటివి ఉన్నాయి. ఫోన్ కాంటాక్టుల్లోంచి 91తో కలిపి తెచ్చిన పన్నెండంకెల నంబర్లవి. వెడల్పు చాలక అలా కనిపిస్తుంటే ఫర్వాలేదు, లోపల నంబరు ఉంటుంది. వీటిని ఎవరో మధ్యలో సీఎస్వీగా సేవ్ చేశారు. సీఎస్వీలోకి కనిపించేదే వెళ్తుంది, చివరి ఆరంకెలు అక్కడే పోయాయి. గడి వెడల్పు చేస్తే 919844000000 అని వస్తోంది. గుమస్తాగారు బిల్లు పుస్తకాలు తిరగేసి 26 నంబర్లు రాసిచ్చారు. మిగతా 15 గడులు ఖాళీగా పెట్టి ఇచ్చేస్తుంటే అబ్బాయి అడిగాడు, “మొదటి అంకెలు ఉన్నాయి కదా సార్, మిగతావి ఎలాగైనా రాబట్టలేమా?” ఆ అంకెలు ఎక్కడా లేవని, ఉన్నట్టు కనిపించే సున్నాలు కూడా నంబరువి కావని చెప్పి, ఆ 15 మంది పేర్లు, బాకీలు ఒక కాగితం మీద వేసి ఇచ్చాను. పెద్దాయన దాన్ని మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు. వాళ్ళు యూరియాకి ఎలాగూ కొట్టుకే వస్తారట, వచ్చినప్పుడు అడిగి రాసుకుంటామన్నారు.